రసీదు

నాలుగుంపావుకి ఫారం చివరి పేజీ తెరుచుకుంది. "ఫీజు చెల్లించిన రసీదు అప్‌లోడ్ చేయండి. జేపీజీ, 200 కేబీ లోపు." దాని కింద ఎర్ర అక్షరాల్లో గడువు. ఈరోజు సాయంత్రం 5 గంటలు.

మాధవి నిశ్చింతగా వాట్సాప్ తెరిచింది. పరీక్ష ఫీజు నాన్న తన ఫోన్ నుంచి ఎప్పుడో కట్టేశాడు. స్క్రీన్‌షాట్ కూడా అప్పుడే పంపాడు. చాట్‌ని పైకి జరిపింది. పువ్వుల బొమ్మల మధ్య మొన్నటి "తిన్నావా" ఉంది, దానికి ముందు ఒక వాయిస్ మెసేజ్ ఉంది. ఆ పైన ఏమీ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. నాన్న పొద్దున్నే పంపే పువ్వుల బొమ్మలతో ఫోన్ నిండిపోతోందని, ఏడు రోజులకి మెసేజ్‌లు వాటంతటవే పోయేలా ఆ చాట్‌కి టైమర్ పెట్టింది తనే. ఫీజు కట్టి ఎనిమిదో రోజు ఇవాళ.

గ్యాలరీ వెతికింది, ట్రాష్ వెతికింది. లేదు. అరచేతులు చెమటలు పట్టాయి.

"ఎందుకే అంత టెన్షన్?" అంది పక్క మంచం మీంచి కావ్య, లేచి వచ్చి స్క్రీన్ చూసి. "నా రసీదు ఉందిగా. పేరు, తేదీ మార్చి పెట్టేద్దాం. రెండు నిమిషాల పని. అక్కడ ఎవరు చూస్తారు?"

మాధవి ఒక్క క్షణం ఆగింది. గడియారం నాలుగూ ఇరవై నాలుగు చూపిస్తోంది.

"వద్దే. వాళ్ళు రిఫరెన్స్ నంబర్‌ని బ్యాంకు లెక్కతో సరిచూస్తారు. ఒకే నంబర్ రెండు ఫారాల్లో కనిపిస్తే నీది కూడా ఆపేస్తారు." ఇంకో మాట కూడా ఉంది గానీ పైకి అనలేదు. నాన్న నిజంగా కట్టిన డబ్బుకి దొంగ రసీదు ఎందుకు పెట్టాలి?

నాన్నకి ఫోన్ చేసింది. మూడోసారికి ఎత్తాడు. వెనక మిషన్ల చప్పుడు.

"స్క్రీన్‌షాటా? నీకు పంపేశాను కదా అని మొన్ననే తీసేశానమ్మా. ట్రాష్ కూడా ఖాళీ చేశా. మళ్ళీ కట్టమంటావా?"

"వద్దు నాన్నా. ఫొటో పోతే పోయింది, డబ్బు కట్టినట్టు యాప్‌లో ఉంటుంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఆ యాప్ తెరువు. హిస్టరీ అని ఉందా?"

"ఉంది. నొక్కా. అబ్బో, చాలా ఉన్నాయే."

"మెల్లగా కిందికి జరుపు. ఒక్కోటీ చదువు."

నాన్న చదవడం మొదలుపెట్టాడు. "రీచార్జి... కరెంటు బిల్లు... మందుల షాపు... ఆ, ఇదిగో నీ ఫీజు. దాని కింద మీ బాబాయి వేసిన..."

గొంతు చటుక్కున ఆగింది. మిషన్ల చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

ఫీజు కట్టడానికి ముందు బాబాయి దగ్గర డబ్బు తీసుకున్నాడన్నమాట. మాధవికి గొంతులో ఏదో అడ్డుపడింది. ఇప్పుడు అడిగితే నాన్న ఇంకా ఇబ్బంది పడతాడు.

"ఫీజు దాని మీద నొక్కు నాన్నా. షేర్ అని ఉంటుంది, అది నాకు పంపు."

పంపాడు. చాట్‌లో మసకగా ఒక బొమ్మ వచ్చింది, దాని మీద గుండ్రంగా తిరుగుతూనే ఉంది. నాన్న ఉన్న చోట సిగ్నల్ సరిగా లేదు. నాలుగూ నలభై.

"బయటికి వస్తా ఉండు. ఈలోపు ఆ నంబర్ చదవనా?"

"చదువు."

ఒక్కో అంకె విడివిడిగా పలికాడు. మాధవి నోట్‌బుక్ వెనక అట్ట మీద రాసుకుని తిరిగి చదివి వినిపించింది. ఏడో అంకె తప్పు రాసింది. ఆయనే సరిదిద్దాడు.

కావ్య అప్పటికే తన ల్యాప్‌టాప్ లాక్కుని పరీక్షల విభాగానికి మెయిల్ మొదలుపెట్టింది. "పోర్టల్‌లో పెట్టలేకపోయినా గడువులోపే చెప్పినట్టుంటుంది. పేరు, హాల్ టికెట్ నంబర్, కట్టిన తేదీ చెప్పు. రిఫరెన్స్ నంబర్ నేను చూసి కొడతా." నాలుగూ నలభై ఎనిమిదికి మెయిల్ వెళ్ళింది.

నాలుగూ యాభై ఒకటికి బొమ్మ తేటపడింది. ఆకుపచ్చ టిక్కు, తేదీ, పేరు, అవే అంకెలు. సైజు మాత్రం 640 కేబీ. కింద ఉన్న ప్రకటన కత్తిరించి, కొలత తగ్గించి సేవ్ చేస్తే 170కి దిగింది. ఈసారి ఫోన్‌లో, మెయిల్‌లో, రెండు చోట్లా పెట్టింది. తర్వాతే అప్‌లోడ్ నొక్కింది.

పేజీ కదల్లేదు. కావ్య ఆమె భుజం గట్టిగా పట్టుకుంది. మళ్ళీ నొక్కబోయి ఆగింది మాధవి. రెండుసార్లు నొక్కితే మొదటికొస్తుందేమోనని భయం.

"మీ దరఖాస్తు స్వీకరించబడింది."

నాలుగూ యాభై ఆరు. దరఖాస్తు నంబరున్న ఆ పేజీని పీడీఎఫ్‌గా దాచి, నాన్నకి ఫోన్ చేసింది.

"అయిపోయింది నాన్నా."

"అమ్మయ్య. ముందు ఆ టైమరేదో తీసెయ్యమ్మా."

"తీసేస్తా. నాన్నా, బాబాయికి ఎంత ఇవ్వాలి?"

అటు కాసేపు మాట లేదు. "అవన్నీ నీకెందుకు? పరీక్షకి చదువుకో."

"చదువుతా. కానీ ఆదివారం ఇంటికొస్తున్నా, అప్పుడు చెప్పాలి."