సిజేరియన్ తర్వాత తల్లి సంరక్షణ ప్రణాళిక: రెండో రోజు

బెడ్ 7. వయసు 27, బరువు 62 కిలోలు, తొలి కాన్పు. నిన్న ఉదయం 10:40కి వెన్నులో మత్తు ఇచ్చి సిజేరియన్ చేశారు. ఆడబిడ్డ, 2.9 కిలోలు.

ఉదయం 8 గంటలకు: నాడి 88, రక్తపోటు 114/72, జ్వరం లేదు. గర్భసంచి గట్టిగా ఉంది, రక్తస్రావం మామూలే. ఉబ్బసం, కడుపులో పుండు, కిడ్నీ జబ్బు లేవు. పడని మందులేవీ లేవు. కదలకుండా ఉంటే నొప్పి 10కి 3, లేవబోతే 7. ఇంతవరకు మంచం దిగలేదు. రాత్రంతా పాలు పట్టింది రెండుసార్లే. "ఎత్తుకుంటే కుట్లు తెగుతాయేమో" అంటోంది. పడుకున్నప్పటి 3ను చూసి రాత్రి మాత్ర వాయిదా వేశారు. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

నొప్పి
డాక్టరు రాసిన ప్రకారం పారాసిటమాల్ 1 గ్రాము 6 గంటలకోసారి, ఐబుప్రోఫెన్ 400 మి.గ్రా. 8 గంటలకోసారి తిన్న తర్వాత. అడిగేదాకా ఆగవద్దు, వేళకు ఇవ్వాలి. రెండూ పాలిచ్చే తల్లికి ఇవ్వదగినవే అని ఆమెకూ, తోడున్న అత్తగారికీ చెప్పాలి. మాత్రలు వద్దంటున్నది ఆవిడే. నొప్పి ఎంతో కదిలినప్పుడే అడిగి రాయాలి. పాలిచ్చేటప్పుడు పొత్తికడుపు మెలిపెడితే గర్భసంచి ముడుచుకుంటోందని, కుట్లకు ఏమీ కాలేదని ముందే చెబితే భయపడదు.

కదలిక
మాత్ర వేసిన గంటకు లేపాలి. మోకాళ్ళు మడిచి, పక్కకు ఒత్తిగిలి, కాళ్ళు మంచం కిందికి జారుస్తూ మోచేతితో లేవాలి. వెల్లకిలా ఉన్నది ఉన్నట్టు లేస్తే భారమంతా కుట్ల మీదే పడుతుంది. రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టి, తల తిరగకపోతేనే నిలబెట్టాలి. తొలిసారి నర్సు పక్కనే ఉండాలి. దగ్గేటప్పుడు కుట్ల మీద దిండు అదిమి పట్టుకోవాలి. నడిచాక మూత్రపు గొట్టం తీయాలి. 6 గంటల్లో మూత్రం రాకపోతే డాక్టరుకు చెప్పాలి.

పాలు పట్టడం
కుట్లకు బరువు తగలకుండా బిడ్డను చంక కింద, దిండు మీద పడుకోబెట్టాలి: కాళ్ళు తల్లి వీపు వైపు, మెడ ఆమె అరచేతిలో. చనుమొనతో పై పెదవిని తాకిస్తే బిడ్డ నోరు తెరుస్తుంది. బాగా తెరిచేదాకా ఆగి అప్పుడు దగ్గరకు లాక్కోవాలి. గడ్డం రొమ్ముకు ఆని, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. చనుమొన నొప్పి పెడుతూనే ఉంటే చిటికెన వేలితో పట్టు విడిపించి మళ్ళీ పట్టించాలి. రోజుకు 8 నుంచి 12 సార్లు. బిడ్డ నిద్ర వదలకపోతే ముర్రుపాలు చేత్తో పిండి చెంచాతో పట్టాలి. "పాలు పడలేదు" అని డబ్బా పాలు తెప్పించబోతే ముందు నర్సును పిలవమనాలి. నేడు వచ్చేది కొద్దిపాటి ముర్రుపాలే.

సాయంత్రం 6కి చూడవలసినవి: లేచేటప్పుడు నొప్పి 4 లేదా తక్కువ, రెండుసార్లు నడక, కనీసం నాలుగుసార్లు పాలు, బిడ్డ మూత్రం.

వెంటనే డాక్టరును పిలవవలసినవి: 38 డిగ్రీల జ్వరం, గంటలో ప్యాడ్ పూర్తిగా తడవడం, గాయం ఎర్రబడటం లేదా చీము, ఒక పిక్కలోనే వాపు నొప్పి, ఆయాసం, లేపినా పాలు తాగని బిడ్డ.