కొత్త నల్లా కనెక్షన్ కోసం దరఖాస్తు

హైదరాబాద్,
12 మార్చి 2025

మేనేజర్ గారికి,
సింగిల్ విండో విభాగం, జలమండలి ప్రధాన కార్యాలయం, ఖైరతాబాద్.

విషయం: నాచారం, ప్లాట్ నం. 46లోని మా ఇంటికి 15 మి.మీ. గృహ నల్లా కనెక్షన్ మంజూరు కోరుతూ.

అయ్యా,

పై చిరునామాలో 150 గజాల స్థలంలో మాకు రెండంతస్తుల ఇల్లు ఉంది. కింద మేం నలుగురం, పైన అద్దెకు ముగ్గురు ఉంటున్నాం. 2003లో ఇల్లు కట్టినప్పుడు బోరులో నీళ్లు పుష్కలంగా ఉండటంతో నల్లా తీసుకోలేదు. గత ఏప్రిల్‌లో ఆ బోరు ఎండిపోయింది. అప్పటి నుంచి ట్యాంకర్ల మీదే బతుకుతున్నాం. ట్యాంకర్ రాని రోజు 74 ఏళ్ల మా అమ్మ పక్కింటి నుంచి బిందె పట్టుకొస్తోంది. వద్దన్నా వినదు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మెట్ల మీద తడి కనిపిస్తే గుండె ఝల్లుమంటుంది.

యాజమాన్యం గురించి ఒక మాట ముందే వివరించాలి. ఈ స్థలాన్ని మా అమ్మ 1998లో రిజిస్టర్డ్ సేల్ డీడ్ ద్వారా కొన్నారు. 2021లో గిఫ్ట్ డీడ్ రాసి నా పేరిట రిజిస్టర్ చేయించారు. ఆస్తి పన్ను నా పేరుకు మారింది. కరెంటు బిల్లు మాత్రం ఇంకా అమ్మ పేరు మీదే వస్తోంది. పేర్లు రెండు కనిపించినా ఇల్లు ఒక్కటే. అనుమానం రాకుండా రెండు డీడ్లూ, ఈసీ కూడా జతచేస్తున్నాను.

సైట్ ప్లాన్‌లో చూపినట్టు మా స్థలం 27 × 50 అడుగులు, తూర్పు ముఖం. మంచినీటి మెయిన్ లైను ఎదురు వరుస వైపు ఉంది. అక్కడి నుంచి మా గేటుకు 22 అడుగులు. మధ్యలో సీసీ రోడ్డు ఉంది కాబట్టి రోడ్ కటింగ్ తప్పదు. దాని చార్జీలు, కనెక్షన్ చార్జీలు డిమాండ్ నోటీసు రాగానే కడతాను. మురుగు మ్యాన్‌హోల్ ఆగ్నేయ మూలలో ఉంది. అందుకే నల్లా పైపును దానికి దూరంగా, ఈశాన్యంలోని 6 వేల లీటర్ల సంపులోకి ఇప్పించమని కోరుతున్నాను. ప్లాన్‌లో ఎర్ర గీత ఆ దారే. మీటరుకు గేటు లోపల కుడి గోడ దగ్గర చోటు వదిలాం. రీడింగ్‌కు వచ్చేవారు వంగి వెతుక్కోనక్కర్లేదు.

కనెక్షన్ వచ్చాక ఆధార్ అనుసంధానం చేయించుకుని నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకానికీ నమోదవుతాను.

తనిఖీకి ఏ రోజు వచ్చినా అమ్మ ఇంట్లోనే ఉంటారు. ముందు రోజు ఫోన్ చేస్తే నేనూ సెలవు పెట్టి ఉంటాను. నంబరు ఫారంలో రాశాను. ఎండలు ముదరకముందే మంజూరు చేయించగలరని వేడుకుంటున్నాను.

ఇట్లు,
కె. సుజాత
(సంతకం)

జతపరిచినవి: సేల్ డీడ్ (1998), గిఫ్ట్ డీడ్ (2021), ఈసీ, ఈ ఏడాది ఆస్తి పన్ను రసీదు, ఇంటి అనుమతి ప్లాన్, కొలతలతో సైట్ ప్లాన్, ఆధార్, కరెంటు బిల్లు నకళ్లు, ఇంటి ముందు భాగం ఫొటో.