పాపతో ఢిల్లీ రైలు: చెల్లికి రాసిన ఉత్తరం

బుజ్జీ,

సంక్రాంతి అయ్యాక పాపను తీసుకుని ఢిల్లీ వెళ్తున్నావని అమ్మ చెప్పింది. నువ్వు ఫోన్‌లో పడుతున్న టెన్షన్ విన్నాక అన్నీ ఒకచోట రాసి పంపడమే మేలనిపించింది. ఒక్క మాట ముందే చెప్తాను. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ టికెట్ మీద ప్రయాణం దాదాపు 26 గంటలు. నువ్వు మాత్రం 36 గంటలకు సర్దుకో. జనవరిలో ఉత్తరాదిన పొగమంచు కమ్మితే ఆగ్రా దాటాక కూడా బండి గంటల తరబడి ఆగిపోతుంది.

ముందు టికెట్. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ రోజే తీసుకో. పండగ తర్వాత అందరూ ఒకేసారి తిరుగు ప్రయాణం పెట్టుకుంటారు. అయిదేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, కానీ పాపకు బెర్త్ కావాలంటే పెద్దవాళ్ల చార్జీ మొత్తం కట్టాలి. తొమ్మిది నెలల పిల్లకు విడిగా బెర్త్ అవసరం లేదు, నీ పక్కనే పడుకుంటుంది. బుక్ చేసేటప్పుడు కనీసం ఒక లోయర్ బెర్త్ వస్తేనే టికెట్ ఇవ్వమనే ఆప్షన్ ఉంటుంది, అది తప్పకుండా పెట్టు. నీతో వచ్చే అమ్మకు 58 కదా, వయసు సరిగ్గా వేయి. 45 దాటిన ఆడవాళ్లకు ఖాళీని బట్టి లోయర్ ఇస్తారు.

థర్డ్ ఏసీలో 1, 4, 9, 12 ఇలా ఉండేవి లోయర్లు. 7, 15 లాంటివి సైడ్ లోయర్లు, అవి వద్దు. ఇరుకు, పైగా దారిలో వెళ్లే ప్రతివాళ్ల బ్యాగూ తగులుతుంది. బోగీ చివర్లో వస్తే తలుపుల చప్పుడుకు పాప నిద్రపోదు, మధ్యలో వస్తే అదృష్టమే. సెకండ్ ఏసీకి డబ్బు పెట్టగలిగితే పెట్టు. అక్కడ మిడిల్ బెర్త్ ఉండదు, కర్టెన్ ఉంటుంది, పాలిచ్చేటప్పుడు ఎవరినీ బతిమాలక్కర్లేదు. థర్డ్ ఏసీ అయితే ఒక పాత చున్నీ, నాలుగు పెద్ద పిన్నీసులు పెట్టుకో, పై బెర్త్ గొలుసుకు కట్టి తెర వేసుకోవచ్చు. రాత్రి పాపను గోడవైపు పడుకోబెట్టి నువ్వు అంచున పడుకో.

బండి ఎక్కడం సికింద్రాబాద్‌లో వద్దు. అక్కడ ఆగేది కొద్ది నిమిషాలే. బండి నాంపల్లిలోనే బయలుదేరుతుంది, టికెట్ అక్కడి నుంచే తీసుకో. పొద్దున్నే బండి కాబట్టి గంట ముందే స్టేషన్‌కు చేరు. ముందు అమ్మ, పాప ఎక్కి కూర్చుంటే, నాన్న సామాను సీటు కింద సర్ది దిగిపోతారు. స్ట్రోలర్ తీసుకెళ్లకు, పాపను క్యారియర్‌లో ఛాతీకి కట్టుకో. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

ఇక తిండి. మా వాడితో వెళ్లినప్పుడు ఏం జరిగిందో చెప్తాను. అర్ధరాత్రి లైట్లన్నీ ఆర్పేశారు. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. చీకట్లో స్పూన్‌తో డబ్బాలోంచి పాలపొడి కొలుస్తుంటే బండి కుదుపుకు సగం దుప్పటి మీద పడింది. ఎన్ని స్పూన్లు వేశానో లెక్క తప్పింది. అందుకే ఇంట్లోనే ఒక్కో పూటకి పొడి కొలిచి చిన్న చిన్న డబ్బాల్లో పోసి, ఎన్ని నీళ్లు కలపాలో మూత మీద రాసి పెట్టు. కలిపిన పాలు పాప తాగడం మొదలెట్టిన గంటకు మిగిలితే పారబోయాలి, మళ్లీ పట్టకూడదు. మరిగించిన నీళ్లు రెండు మంచి ఫ్లాస్కుల్లో పోసుకో. ఎలక్ట్రిక్ కెటిల్ రైల్లో పెట్టకూడదు, ఆ సాకెట్లు ఫోన్లకే. ఉగ్గు పొడి తీసుకెళ్లు, అరటిపళ్లు నాలుగు చాలు. కొత్త తిండి ఏదీ ఆ రోజు మొదలుపెట్టకు.

డైపర్లు 15. వాడినవి కవర్‌లో ముడి కట్టి చెత్తడబ్బాలో వేయి, టాయిలెట్లో వేస్తే బయో టాయిలెట్ పూడుకుపోతుంది. మార్చడానికి బెర్తే నయం, కింద ప్లాస్టిక్ షీట్ పరిచి చేయి. అమ్మ పాత నూలు చీరను ముక్కలు చేసి ఓ పది పెట్టుకో, అవి పనికిరాని చోటు లేదు. బట్టలు అయిదు జతలు, మూడు నీ పర్సు బ్యాగులోనే ఉండాలి. ఏసీ చలి ఒకటి, తెల్లారాక ఢిల్లీ చలి ఇంకొకటి: స్వెటర్, టోపీ, మేజోళ్లు పైనే పెట్టు. జ్వరం డ్రాప్స్ ఎంత వేయాలో డాక్టర్‌ను అడిగి చీటీ రాయించుకో. పాప బరువును బట్టి మోతాదు మారుతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు. ఏ ఇబ్బంది వచ్చినా 139కి ఫోన్ చేయి.

మరిదిగారిని ఢిల్లీలో ప్లాట్‌ఫామ్ మీదికే రమ్మను, బయట కాదు. బ్యాగు సర్దాక ఫొటో పంపు, ఏమైనా మర్చిపోతే చెప్తాను.

నీ అక్క