నోటీసుకు జవాబు: 2022-23 ఆర్థిక సంవత్సరంలో పొదుపు ఖాతాలో జమ అయిన రూ.14,73,000 నగదు గురించి

తేదీ: 02-04-2025
నెక్కొండ, వరంగల్ జిల్లా

గౌరవనీయులైన ఆదాయపు పన్ను అధికారి గారికి,
వార్డు-1, వరంగల్.

విషయం: ఆదాయపు పన్ను చట్టం 1961, సెక్షన్ 148ఎ(1) కింద వచ్చిన షోకాజ్ నోటీసుకు జవాబు, మదింపు సంవత్సరం 2023-24.

సూచిక: మీ నోటీసు డిఐఎన్ ITBA/AST/F/148A(SCN)/2024-25/1074306218(1), తేదీ 17-03-2025. జవాబుకు గడువు 04-04-2025.

అయ్యా,

పై నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో 21-03-2025న నాకు అందింది. అందులో అచ్చయిన పేరు, పాన్ నావే. బ్యాంకు ఖాతా (చివరి నాలుగు అంకెలు 4417) కూడా నాదే. 01-04-2022 నుంచి 31-03-2023 వరకు ఈ పొదుపు ఖాతాలో 11 సార్లు మొత్తం రూ.14,73,000 నగదు జమ అయిందని, ఆ ఏడాదికి నేను రిటర్ను వేయలేదని, కాబట్టి ఇది లెక్కలోకి రాని ఆదాయం ఎందుకు కాకూడదో చెప్పమని మీరు అడిగారు. మొత్తం, జమల సంఖ్య రెండూ నా పాసుబుక్కుతో సరిపోయాయి. వాటి మీద నాకు అభ్యంతరం లేదు. ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్నదే ఈ జవాబు.

నేను రైతును. మాది మిర్చి, వరి పండించే కుటుంబం. సర్వే నం. 214/ఆ లో నా పేరిట 2 ఎకరాల 10 గుంటలు, సర్వే నం. 217/అ లో మా నాన్న పేరిట 1 ఎకరం 30 గుంటలు ఉన్నాయి. రెండు పట్టాదారు పాసుపుస్తకాల నకళ్లు, ధరణి నుంచి తీసిన 1-బి ప్రతులు జతచేశాను. ఈ 4 ఎకరాల్లో 2 ఎకరాలు వరి, 2 ఎకరాలు మిర్చి వేశాం. పక్కనే మరో 1 ఎకరం 20 గుంటలు కౌలుకు తీసుకుని అందులోనూ మిర్చే వేశాను. నాన్నకు వయసు మీద పడింది కాబట్టి సేద్యం, అమ్మకం, డబ్బు వ్యవహారం అంతా నేనే చూస్తాను. అందుకే ఇద్దరి చేల పంట డబ్బూ నా ఒక్క ఖాతాలోనే కనబడుతుంది.

11 జమల్లో 8 జమలు, అంటే రూ.12,07,000, మిర్చి డబ్బు. ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో అమ్మిన ప్రతి లాటుకూ అడ్తిదారు ఇచ్చిన తక్‌పట్టీ నా దగ్గర ఉంది. కమీషన్, హమాలీ, దడ్వాయి ఖర్చులు కోసుకోగా చేతికి వచ్చిన మొత్తం, మరుసటి రోజుల్లో బ్యాంకులో వేసిన మొత్తం ఇలా ఉన్నాయి:

21-04-2022: 22 బస్తాలు, 8.80 క్వింటాళ్లు, ధర రూ.17,500. చేతికి రూ.1,49,820. జమ 22-04-2022న రూ.1,40,000.
12-05-2022: 15 బస్తాలు, 6.00 క్వింటాళ్లు, ధర రూ.16,800. చేతికి రూ.97,950. జమ 13-05-2022న రూ.90,000.
14-02-2023: 22 బస్తాలు, 8.90 క్వింటాళ్లు, ధర రూ.20,500. చేతికి రూ.1,77,500. జమ 15-02-2023న రూ.1,75,000.
21-02-2023: 23 బస్తాలు, 9.20 క్వింటాళ్లు, ధర రూ.20,200. చేతికి రూ.1,80,700. జమ 22-02-2023న రూ.1,78,000.
28-02-2023: 22 బస్తాలు, 8.80 క్వింటాళ్లు, ధర రూ.20,800. చేతికి రూ.1,78,050. జమ 01-03-2023న రూ.1,70,000.
09-03-2023: 24 బస్తాలు, 9.60 క్వింటాళ్లు, ధర రూ.19,900. చేతికి రూ.1,85,800. జమ 10-03-2023న రూ.1,85,000.
16-03-2023: 23 బస్తాలు, 9.20 క్వింటాళ్లు, ధర రూ.19,600. చేతికి రూ.1,75,250. జమ 17-03-2023న రూ.1,70,000.
24-03-2023: 16 బస్తాలు, 6.40 క్వింటాళ్లు. చేతికి రూ.1,04,450. జమ 27-03-2023న రూ.99,000.

చేతికి వచ్చింది మొత్తం రూ.12,49,520. బ్యాంకులో వేసింది రూ.12,07,000. మిగిలిన రూ.42,520 మిర్చి ఏరిన కూలీలకు, బస్తాలు తోలిన బండి కిరాయికి అక్కడికక్కడే ఇచ్చాను.

చివరి లాటుకు ఒకే ధర రాయకపోవడానికి కారణం ఆ తక్‌పట్టీ చూస్తే తెలుస్తుంది. 12 బస్తాలు ఎర్ర మిర్చి (4.80 క్వింటాళ్లు, రూ.19,400 చొప్పున రూ.93,120), 4 బస్తాలు తాలు (1.60 క్వింటాళ్లు, రూ.9,200 చొప్పున రూ.14,720). మొత్తం రూ.1,07,840లో ఖర్చులు రూ.3,390 పోయాయి. చివరి ఏరుడులో రంగు పోయిన కాయ ఎక్కువ పడుతుంది. దాన్ని విడిగా బస్తాకెత్తి, విడిగా కాంటా పెట్టి, విడి ధరకు అమ్ముతారు. కల్లంలో మిర్చి ఆరబోసిన ఇంటికి తప్ప ఇలాంటి పట్టీ రాదని మీరు గమనించగలరు.

2022 ఏప్రిల్, మే లాట్లు అంత చిన్నగా ఎందుకున్నాయన్న అనుమానం కూడా రావచ్చు. అవి 2021-22 పంటవి. ఆ ఏడాది తామర పురుగు పూతలోనే కూర్చుని చేలను తినేసింది. వరంగల్ చుట్టుపక్కల మిర్చి వేసినవాళ్లలో దాని దెబ్బ తగలని ఇల్లు అరుదు. మందులు ఎన్నిసార్లు కొట్టినా పూత నిలవలేదు. మరుసటి ఏడాది అదే మూడున్నర ఎకరాల్లో 52.10 క్వింటాళ్లు పండింది, అంటే ఎకరానికి సుమారు 15 క్వింటాళ్లు. ఈ నేలలో అది మామూలు దిగుబడే.

ఏ ఒక్క రోజు అమ్మకమూ రూ.2 లక్షలు దాటలేదు. అన్నిటికంటే పెద్దది 09-03-2023 నాటిది, ఖర్చులు కోయకముందు రూ.1,91,040. పండించిన రైతు తన పంటను వ్యాపారికి రూ.2 లక్షల లోపు నగదుకు అమ్మితే సెక్షన్ 269ఎస్‌టి నిషేధం వర్తించదని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 03-11-2017 నాటి సర్క్యులర్ నం. 27/2017లో స్పష్టం చేసింది. నా అమ్మకాలన్నీ ఆ పరిధిలోనే ఉన్నాయి.

కౌలు భూమికి రాతపూర్వక ఒప్పందం లేదు. మా ఊళ్లో కౌలు నోటి మాట మీదే నడుస్తుంది, పట్టాదారు కాగితం రాసివ్వడానికి జంకుతాడు. నేను అడిగాక పట్టాదారు సంతకంతో ధ్రువీకరణ ఇచ్చారు: 2021-22, 2022-23 పంట కాలాల్లో 1 ఎకరం 20 గుంటలు నేను సాగు చేశానని, కౌలు ముట్టిందని అందులో ఉంది. వ్యవసాయ విస్తరణాధికారి పంటల నమోదులో ఆ చేను మిర్చి కింద నమోదైన ప్రతి కూడా జతచేశాను. భూమి ఎవరిదైనా, దున్ని పండించి అమ్మినవాడికి వచ్చేది వ్యవసాయ ఆదాయమేనని సెక్షన్ 2(1ఎ) ప్రకారం నా మనవి.

తొమ్మిదో జమ 14-11-2022 నాటి రూ.1,80,000. ఇది ఆదాయమే కాదు, నా ఖాతాలోంచి నేను తీసిన డబ్బే తిరిగి వేశాను. నాన్నకు గుండె ఆపరేషన్ అవసరమన్నారు. అడ్వాన్సు కట్టాల్సి వస్తుందన్న టెన్షన్‌లో 07-11-2022న అదే ఖాతాలోంచి రూ.2,00,000 విత్‌డ్రా చేశాను. మరునాడు హనుమకొండలో ఆసుపత్రిలో చేర్చాం. 10-11-2022న ఆరోగ్యశ్రీ అనుమతి వచ్చింది. పరీక్షలకు, రాకపోకలకు రూ.20,000 ఖర్చయింది, మిగతాది తిరిగి జమ చేశాను. విత్‌డ్రా, జమ రెండూ ఒకే స్టేట్‌మెంటులో ఏడు రోజుల తేడాతో కనిపిస్తాయి. ఆరోగ్యశ్రీ అనుమతి పత్రం, డిశ్చార్జి సమ్మరీ జతచేశాను.

మిగిలిన రెండు జమలు, 18-07-2022న రూ.46,000, 05-01-2023న రూ.40,000, నా ట్రాక్టరుతో ఇతరుల పొలాలు దున్నినందుకు వచ్చిన కిరాయి. ఇది వ్యవసాయ ఆదాయం కిందికి రాదని నాకు తెలుసు, అందుకే మిర్చి డబ్బులో కలపలేదు. ఆ ఏడాది మొత్తం కిరాయి రూ.1,32,000. డీజిల్, రిపేర్లు, డ్రైవరు కూలి తీసేయకుండానే చెబుతున్నాను. బ్యాంకు వడ్డీ రూ.3,412. రెండూ కలిపి రూ.1,35,412.

ఇక రిటర్ను సంగతి. వ్యవసాయ ఆదాయానికి సెక్షన్ 10(1) ప్రకారం పన్ను లేదు. వ్యవసాయేతర ఆదాయం రూ.2,50,000 దాటితేనే పన్ను రేటు కోసం రెంటినీ కలిపి చూస్తారు. నాది అందులో దాదాపు సగమే. పొదుపు ఖాతా జమల కారణంగా రిటర్ను తప్పనిసరి కావాలంటే రూల్ 12ఎబి ప్రకారం అవి రూ.50 లక్షలకు చేరాలి. నాకు బ్యాంకులో కరెంటు ఖాతా లేదు, విదేశీ ప్రయాణం చేయలేదు. సెక్షన్ 139(1) కింద రిటర్ను వేయాల్సిన బాధ్యత నాకు రాలేదు. ఏడాదిలో పొదుపు ఖాతాలో నగదు జమలు రూ.10 లక్షలకు చేరితే బ్యాంకు మీకు తెలపాలి, తెలిపింది. ఆ సమాచారంలో జమ మాత్రమే ఉంటుంది, దాని వెనక ఉన్న చేను ఉండదు.

అదే స్టేట్‌మెంటులో మీకు సాయపడే మరో రెండు వివరాలు ఉన్నాయి. వానాకాలం, యాసంగికి రైతుబంధు కింద రూ.11,250 చొప్పున నా 2 ఎకరాల 10 గుంటలకు నేరుగా జమ అయింది. వరి డబ్బు కొనుగోలు కేంద్రం ద్వారా ఆన్‌లైన్‌లో పడింది. ఇవి నగదు జమలు కావు కాబట్టి మీ రూ.14,73,000లో లేవు, కానీ ఆ ఏడాది నేను సేద్యంలో ఉన్నానని చెప్పే సాక్ష్యాలు.

లెక్క మొత్తం: మిర్చి రూ.12,07,000, తిరిగి వేసిన సొంత డబ్బు రూ.1,80,000, ట్రాక్టరు కిరాయి రూ.86,000. కలిపితే రూ.14,73,000. వివరణ లేని జమ ఒక్కటీ మిగల్లేదు.

కాబట్టి పన్ను పడాల్సిన ఆదాయం ఏదీ మదింపు తప్పించుకోలేదని గుర్తించి, సెక్షన్ 148 కింద నోటీసు ఇవ్వదగిన కేసు కాదని సెక్షన్ 148ఎ(3) కింద ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను. నా వివరణలో ఏ ఒక్క జమ మీదైనా సందేహం మిగిలితే, ఉత్తర్వుకు ముందు తేదీ చెప్పి నన్ను పిలవండి. తక్‌పట్టీల అసలు కాగితాలు తెస్తాను. 09-03-2023 నాటిది కార్బన్ ప్రతి, అంకెలు మసకబారాయి. అడ్తిదారు తన కౌంటర్‌ఫాయిల్ నకలు మీద సంతకం, స్టాంపు వేసి ఇచ్చారు, అదీ జతలో ఉంది. విచారణలో తెలుగులో మాట్లాడే అవకాశం ఇవ్వగలరు.

ఈ జవాబును, జతపత్రాల స్కాన్లను ఈరోజే ఇ-ప్రొసీడింగ్స్‌లో అప్‌లోడ్ చేశాను. కాగితపు ప్రతిని మీ కార్యాలయంలో ఇస్తున్నాను, రెండో ప్రతి మీద తేదీతో అందినట్లు ముద్ర వేయించగలరు.

పైన రాసినవన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ధ్రువీకరిస్తున్నాను.

ఇట్లు,
మీ విధేయుడు,
(సంతకం)
ఎం. సాంబయ్య
రైతు, నెక్కొండ