హెల్త్ ఇన్సూరెన్స్ కాంట్రాక్టు డిసెంబర్ 31తో ముగుస్తోంది: ఇక మనం చేయాల్సినవి

క్లెయిమ్స్ టీమ్ అందరికీ నమస్కారం,

మన అమెరికా హెల్త్ ఇన్సూరెన్స్ క్లయింట్ కాంట్రాక్టు రెన్యూ చేయడం లేదు. గురువారం రాత్రి లెటర్ వచ్చింది. డిసెంబర్ 31 మనకు ఆఖరి రోజు. శుక్రవారం రాత్రి వాళ్లతో మాట్లాడి, ఇది మారే నిర్ణయం కాదని తేలాకే మీకు రాస్తున్నాను. హెచ్.ఆర్. పంపే ఇంగ్లీషు మెయిల్ సాయంత్రం వస్తుంది. అందులో ఉండేది ఆఫీసు భాష. ఈ టీమ్‌లో అందరం తెలుగువాళ్లమే కదా, ఈలోగా మన మాటల్లో ఒకసారి చెప్పుకుందాం.

ఇది చిన్న దెబ్బ కాదు. కంపెనీ ఆదాయంలో దాదాపు 40 శాతం ఈ ఒక్క అకౌంట్ నుంచే వస్తోంది. 46 మందిలో 18 మంది దీని మీదే పనిచేస్తున్నారు.

ఎందుకు పోయిందో చెబుతాను, ఎందుకంటే ప్యాంట్రీలో ఇప్పటికే ఒక కథ నడుస్తోందని తెలిసింది. ఆగస్టులో రాత్రి బ్యాచ్ ఆగిపోయి 837 ఫైళ్లు ఆరు గంటలు ఆలస్యంగా వెళ్లాయి కదా, అందుకే పోయిందని. అది కాదు. మన క్లయింట్‌ని కిందటేడాది పెద్ద గ్రూపు కొన్నది. ఆ గ్రూపు తన కంపెనీలన్నిటికీ కలిపి ముగ్గురే వెండర్లు చాలని జూన్‌లోనే తీర్మానించుకుంది. అంటే ఆ బ్యాచ్ ఆగడానికి రెండు నెలల ముందే. ఆగస్టు సంగతి ఈ నిర్ణయంలో లెక్కకు వచ్చిందా అని వాళ్ల వెండర్ మేనేజ్‌మెంట్ హెడ్‌ని నేరుగా అడిగాను. రాలేదన్నారు. ఆ ముగ్గురూ క్లెయిమ్స్‌తో పాటు కాల్ సెంటర్, ప్రింటింగ్, క్లౌడ్ అన్నీ ఒకేచోట చేసిపెట్టే సంస్థలు. మనం చేసేది అందులో ఒక ముక్క. రేటు తగ్గించి రెండుసార్లు కోట్ ఇచ్చాం. అయినా అది రేటుతో తేలే విషయం కాదు.

కాబట్టి ఆ రాత్రి షిఫ్ట్‌లో ఎవరున్నారు, సేల్స్‌వాళ్లు ముందే ఎందుకు పసిగట్టలేదు అనే చర్చ వద్దు. ఆ బ్యాచ్‌ని తెల్లారేలోగా నిలబెట్టింది కూడా మనవాళ్లే, అది మరిచిపోకండి. ఆ ఇన్సిడెంట్ రివ్యూలో రాసుకున్న పనులు మాత్రం ఆపం, అవి మిగతా ప్రాజెక్టులకూ కావాలి.

ఇప్పుడు అందరి మనసులో ఉన్న ప్రశ్న. డిసెంబర్ జీతం దాకా ఎవరికీ ఏ మార్పూ లేదు. ఈ క్వార్టర్ వేరియబుల్ పే అక్టోబర్ జీతంతోనే వస్తుంది. ఆ తర్వాత మొత్తం 18 మందికీ ఇక్కడే పని ఉంటుందని మాట ఇవ్వలేను. ఈరోజుకు చేతిలో ఉన్నవి ఏడు స్థానాలు: హాస్పిటల్ బిల్లింగ్ ప్రాజెక్టులో నాలుగు, హైదరాబాద్ ఫార్మసీ క్లయింట్ దగ్గర మూడు. ఆ మూడూ బెంగళూరు నుంచే చేయొచ్చు, ఎవరూ ఊరు మారనక్కర్లేదు. ఇంకో రెండు చోట్ల ప్రపోజల్స్ నడుస్తున్నాయి, సంతకాలు కాలేదు కాబట్టి వాటిని లెక్కలో వేయడం లేదు. ఎవరికి ఏమిటన్నది నవంబర్ 16లోగా ప్రతి ఒక్కరికీ విడిగా, నోటితో చెబుతాం. ఆ తేదీ దాటదు.

బయట ప్రయత్నించాలనుకునేవాళ్లు దాచుకోనక్కర్లేదు. ఆఫర్ లెటర్‌లో నోటీస్ పీరియడ్ 60 రోజులున్నా, ఈ టీమ్‌కు 30 రోజులకు తగ్గించాం. డిసెంబర్ 31 దాకా ఉండి ట్రాన్సిషన్ పూర్తిచేసినవాళ్లకు ఒక నెల జీతం అదనంగా ఇస్తాం, వాళ్లు తర్వాత ఇక్కడున్నా వెళ్లినా. జనవరిలో, ఫిబ్రవరిలో ఐదేళ్లు పూర్తయ్యేవాళ్లు ఇద్దరున్నారు. గ్రాట్యుటీ పోకుండా ఆ తేదీలు దాటేదాకా వాళ్లను రోల్స్‌లోనే ఉంచుతాం. ఇది ఎండీ ఒప్పుకున్న విషయం, హెచ్.ఆర్. మెయిల్‌లో కూడా ఉంటుంది. కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టబోతున్నవాళ్లూ, లోన్ పెట్టుకోబోతున్నవాళ్లూ ఉంటే ముందు నాతో ఒక మాట మాట్లాడండి. ఈ ఊళ్లో అడ్వాన్సులు ఎంతుంటాయో మీకు నేను చెప్పాలా.

ఇక పని. కొత్త వెండర్ టీమ్ ఫిలిప్పీన్స్ నుంచి పనిచేస్తుంది. అక్టోబర్ 5 నుంచి కె.టి. మొదలు. అక్టోబరంతా రన్‌బుక్‌లు, సెషన్లు. నవంబర్‌లో షాడో: మనం చేస్తుంటే వాళ్లు చూస్తారు. డిసెంబర్‌లో రివర్స్ షాడో: వాళ్లు చేస్తుంటే మనం చూస్తాం. చిక్కంతా అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 వరకు. మెడికేర్ ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ సరిగ్గా అప్పుడే, 834 ఫైళ్లు వెల్లువలా వస్తాయని మనకు తెలియంది కాదు. కె.టి. సెషన్ ఉందని ఆ టికెట్లు పక్కన పెట్టొద్దు. రెండూ ఢీకొంటే సెషనే వాయిదా వేస్తాం, ఆ మేరకు క్లయింట్‌ని ఒప్పించాను. ఒక్క ఫైలు తప్పిపోతే అక్కడెవరో పెద్దావిడకు జనవరిలో మందుల షాపులో కార్డు పనిచేయదు. కాంట్రాక్టు పోయినంత మాత్రాన ఆవిడ మన బాధ్యత కాకుండా పోదు.

రన్‌బుక్‌లలో అసలు లోటు రీజెక్ట్ అయిన క్లెయిమ్స్ దగ్గర ఉంది. స్క్రీన్ మీద ఏం నొక్కాలో రాశాం గానీ, ఏ ఎర్రర్‌కి ఎవరికి ఫోన్ చేయాలి, ఏది రెండోసారి పంపితే డూప్లికేట్ అవుతుంది, నెలాఖరున 835 ఎందుకు కలవదు, ఇవన్నీ సీనియర్ల బుర్రల్లోనే ఉన్నాయి. ముందు అవి రాయండి. ఏ మాడ్యూల్ ఎవరిదన్న షీట్ టీమ్ లీడ్లు రేపు మధ్యాహ్నానికి పంపుతారు.

అమెరికా గడియారం నవంబర్ మొదటి ఆదివారం మారుతుంది. అక్కడ ఉదయం 9కి ఉండే కాల్ మనకు సాయంత్రం 6:30 నుంచి 7:30కి మారుతుంది. క్యాబ్ టైమింగ్స్ దాన్నిబట్టి మార్చమని అడ్మిన్‌కి చెప్పాను. దసరాకు ఊరెళ్లడానికి అప్రూవ్ అయిన లీవులు అలాగే ఉంటాయి. టికెట్లు క్యాన్సిల్ చేసుకోకండి.

హెచ్చరిక ఒక్కటే. మెంబర్ల డేటా, స్క్రీన్‌షాట్లు, స్క్రిప్టులు, ఏదీ సొంత మెయిల్‌కీ పెన్‌డ్రైవ్‌కీ వెళ్లకూడదు. శాంపిల్ కోసమైనా సరే. అది హిపా చట్టం కిందికి వచ్చే సమాచారం. వెళ్లేటప్పుడు జరిగే చిన్న పొరపాటుకీ మీ తర్వాతి ఉద్యోగంలో సంజాయిషీ ఇచ్చుకోవాల్సి రావచ్చు. మీ రెజ్యూమెలో చేసిన పని రాసుకోండి, క్లయింట్ పేరు వద్దు. లింక్డిన్‌లో కూడా కొత్త సంవత్సరం దాకా ఈ విషయం పెట్టొద్దు.

ఈరోజు నాలుగింటికి మూడో అంతస్తు పెద్ద మీటింగ్ రూమ్‌లో కలుద్దాం. ఎండీ కూడా వస్తారు. నైట్ షిఫ్ట్‌వాళ్లకు మళ్లీ రాత్రి 9:30కి విడిగా పెడతాను, దానికోసం ముందుగా రావద్దు, క్యాబ్ మామూలు టైమ్‌కే వస్తుంది. శుక్రవారం గాంధీ జయంతి సెలవు కాబట్టి మంగళ, బుధ, గురువారాల్లో ఒక్కొక్కరితో ఇరవై నిమిషాలు కూర్చుంటాను. క్యాలెండర్ ఇన్వైట్లు ఈ మెయిల్ వెంటే వస్తున్నాయి. టైమ్ కుదరకపోతే మీరే మార్చుకోండి.

మీ డెలివరీ మేనేజర్