మిర్చి ఊరికి వెళ్తున్న చెల్లికి మూడు పాటలు

చెల్లీ,

వరంగల్ బ్యాంకులో ఉద్యోగం వచ్చిందని నువ్వు చెప్పిన రాత్రే మొదటి పాట కట్టాను. మిగతా రెండూ వంట మధ్యలో వచ్చాయి. వరసలు నీకు కొత్త కావు, మన వాకిట్లో పాడుకున్నవే. ఒకటి రైలులో, ఒకటి బ్యాంకుకు బయలుదేరేటప్పుడు, ఒకటి రాత్రి గదిలో పాడుకో.

రైలు పాట

కదిలింది రైలు కదిలింది
మంచిర్యాల వెనకబడింది
గోదారి దాటిన గుండెకు
కొత్త ఊరు ఎదురొచ్చింది

వంతెన కింద ఇసుక మేటలు
నడుమ సన్నని నీటి పాయలు
ఎండిందని అనుకోకమ్మా
ఇసుక కింద నడుస్తుంది ఏరు
॥కదిలింది॥

రామగుండం పొగ గొట్టాలు
రాత్రీ పగలూ నిద్దరెరుగవు
రాత్రి షిఫ్టుకు వెళ్లిన నాన్న
మన నిద్దరకు కాపలా ఉన్నాడు

తొలిసారి గనిలో దిగిన నాడు
నాన్నకు నీ అంత వయసేనట
నెత్తిన దీపం వెలుగుతుంటే
అడుగు ముందే కనిపించిందట
ఆ అడుగు వేశాక ఇంకొకటి
అలాగే నడిచి వచ్చాడట
॥కదిలింది॥

పెద్దపల్లిలో చాయ్ తాగు
జమ్మికుంటలో పత్తిని చూడు
హసన్‌పర్తి దాటిందంటే
సంచీ తీసి భుజాన వెయ్యి

కాజీపేట వచ్చిందమ్మా
మూడు దిక్కుల పట్టాలమ్మా
ఢిల్లీ దారి, బెజవాడ దారి
హైదరాబాదుకు ఇంకో దారి
ఎంత దూరం పోయిన రైలైనా
ఆ పట్టాలపైనే తిరిగొస్తుంది
॥కదిలింది॥

తుమ్ముల పాట

నీ శాఖ ఎనుమాముల మార్కెట్ పక్కనే అన్నావు. ఫిబ్రవరిలో అక్కడ మిర్చి బస్తాలు గుట్టలు గుట్టలుగా దిగుతాయి, తుమ్ములు తప్పవు. బయలుదేరేటప్పుడు ఎవరు తుమ్మినా అమ్మ మంచినీళ్లు తాగించి కూర్చోబెడుతుంది కదా. అక్కడ అలా కూర్చుంటే నీ ఉద్యోగం ఉండదు! అందుకే తుమ్మునే తాళం చేశాను. 'హాచ్' దగ్గర చప్పట్లు.

ఎర్రెర్ర బస్తాల ఊరమ్మా, హాచ్!
ఎనుమాముల దారమ్మా, హాచ్!
తుమ్మితే ఆగాలంటారు
ఆగను, ముందుకే పోతాను, హాచ్!

తేజా మిర్చి సన్నగ ఉంది
చపాటా మిర్చి బొద్దుగ ఉంది
రెండిటి తేడా తెలిసేలోపు
ముక్కు నాది ఎర్రబడింది, హాచ్!

తాత తెచ్చిన పాస్‌బుక్కు మీద
వేలిముద్రంత ఎర్రటి మరక
తుడవబోయిన చెయ్యి ఆగింది
ఏడాది పంట ఆ మరకలో ఉంది
॥ఎర్రెర్ర॥

నోట్లు లెక్కిస్తే నూటికి రెండు
తక్కువ వచ్చి గుండె జారింది
"కూర్చో తాతా, ఇంకోసారి"
లెక్కిస్తే నూరూ నిండాయి, హాచ్!

"ఏ ఊరు బిడ్డా?" అడిగాడు తాత
"మంచిర్యాల" అని చెప్పాను
"బొగ్గు మసిలో పుట్టిన పిల్లకు
మిర్చి ఘాటొక లెక్కా?" అన్నాడు
నవ్వాను, నవ్వుతూ తుమ్మాను
తాత కూడా తుమ్మాడు, హాచ్!
॥ఎర్రెర్ర॥

(రెండో చరణంలో చివర 'హాచ్' లేదు. మరిచిపోలేదు, అక్కడ తుమ్మాలనిపించలేదు.)

గది పాట

ఇది ఇద్దరు పాడాల్సింది. నువ్వు హన్మకొండ గదిలో, నేను ఇక్కడ. ఫోను స్పీకరులో పెట్టు.

చెల్లి: కొత్త గది గోడకు ఉయ్యాలో, మేకైన లేదక్క ఉయ్యాలో
అక్క: కిటికీలో అద్దము ఉయ్యాలో, నిలబెట్టి దువ్వుకో ఉయ్యాలో

చెల్లి: ఒక్కదాని కోసము ఉయ్యాలో, ఎంత బియ్యం పోయను ఉయ్యాలో
అక్క: గుప్పెడు ఎక్కువే ఉయ్యాలో, వండుకో చెల్లెలా ఉయ్యాలో

చెల్లి: పక్కింటి పెద్దమ్మ ఉయ్యాలో, పేరడిగి పోయింది ఉయ్యాలో
అక్క: ఆ గుప్పెడన్నము ఉయ్యాలో, ఆమెకని వండమంటి ఉయ్యాలో

చెల్లి: వేయి స్తంభాలలో ఉయ్యాలో, ఒక్కటీ నన్నెరుగదు ఉయ్యాలో
అక్క: ఒక్కటే ఎంచుకో ఉయ్యాలో, ఆనుకొని కూర్చో ఉయ్యాలో

చెల్లి: భద్రకాళి చెరువుపై ఉయ్యాలో, పొద్దు వాలిపోయె ఉయ్యాలో
అక్క: ఇక్కడా వాలింది ఉయ్యాలో, వాకిట్లో ఉన్నాను ఉయ్యాలో

చెల్లి: తంగేడు పూసేది ఉయ్యాలో, ఇంకెన్ని నెలలక్క ఉయ్యాలో
అక్క: బతుకమ్మ నాటికి ఉయ్యాలో, బండెక్కి వస్తాను ఉయ్యాలో

చెల్లి: పద్మాక్షి గుట్టకు ఉయ్యాలో, దారేది అంటావు ఉయ్యాలో
అక్క: నాకేమి తెలుసునే ఉయ్యాలో, నువ్వే తీసుకుపోవాలి ఉయ్యాలో