నీటి సమస్యపై 13 ఏప్రిల్ మీటింగ్: మినిట్స్, ఏ పని ఎవరిది, ఎప్పటికల్లా

తేదీ, సమయం: 13 ఏప్రిల్ 2025, ఆదివారం, ఉదయం 10:30 నుంచి 12:15 వరకు
స్థలం: ఎ బ్లాక్ సెల్లార్ హాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్
హాజరు: 40 ఫ్లాట్లకు 23 ఫ్లాట్ల వారు
అధ్యక్షత: ప్రకాశరావు గారు
మినిట్స్ రాసింది: శ్రీదేవి, సహాయ కార్యదర్శి (ఎ-203)

అందరికీ నమస్కారం. బోర్డు తుడిచేముందు తీసిన ఫోటో మన గ్రూపులో ఉంది. దాన్ని చూసే ఈ మినిట్స్ రాశాను. ట్యూబ్‌లైట్ వెలుగు పడి కుడివైపు పై మూల తెల్లగా వచ్చింది. అక్కడున్న రెండు లైన్లు పద్మ గారు తన నోట్‌బుక్‌లో రాసుకున్నారు, అందులోంచి తీసుకున్నాను. "ర" అని మాత్రమే ఉన్నచోట రఘు గారా, రమాదేవి గారా అన్నది ఇద్దరికీ ఫోన్ చేసి ఖాయం చేసుకున్నాను. "శని కల్లా", "నెలాఖరు" లాంటి వాటికి, ఆ పని ఒప్పుకున్నవారితో మాట్లాడి తేదీలు వేశాను. పని ఉండి పేరు లేని వాటిని నిర్ణయాలుగా రాయలేదు, అవి విడిగా కింద ఉన్నాయి.

నీటి లెక్క

బోర్డు మధ్యలో పెద్ద అక్షరాలతో ఉన్నది ఇదే. మీటింగ్‌లో సగం సమయం దీనికే పోయింది, పోవలసిందే కూడా.

మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది మన దేశంలో పట్టణాల నీటి సరఫరాకు వాడే ప్రమాణం. ఫ్లాటుకు నలుగురు చొప్పున 160 మందికి రోజుకు 21,600 లీటర్లు చాలాలి. ఇప్పుడు వస్తున్నది: జలమండలి నీళ్లు రోజు విడిచి రోజు 20,000 లీటర్లు, అంటే రోజుకు సగటున 10,000. బోరు పడిపోయింది, 4,000 మించి ఇవ్వడం లేదు. మూడు ట్యాంకర్లతో 15,000. మొత్తం 29,000 లీటర్లు.

అంటే నీళ్లు చాలడం లేదంటూనే రోజుకు 7,400 లీటర్లు లెక్కకు అందకుండా పోతున్నాయి. దాదాపు ట్యాంకరున్నర. ఇదంతా లీకేజీయే అని ఎవరూ అనలేదు. కార్లు కడగడం, మొక్కలు, వేసవి చుట్టాలు కూడా ఉంటాయని విజయ గారు గుర్తుచేశారు, అది సబబే. కానీ ముందు లీకేజీ సంగతి తేల్చుకోకుండా నాలుగో ట్యాంకర్ పిలవకూడదని అందరూ ఒప్పుకున్నారు. ఇది ఏకగ్రీవ నిర్ణయం.

మార్చిలో 90 ట్యాంకర్లు, ఒక్కోటి రూ. 900. ఫోటోలో మొత్తం 81 వేలో 31 వేలో తెలియనట్టు చెరిగింది. కోశాధికారి సత్యనారాయణ గారు బిల్లులు చూసి రూ. 81,000 అని చెప్పారు. ఫ్లాటుకు రూ. 2,025 పడింది. రోజుకు ఒక్క ట్యాంకర్ తగ్గించగలిగితే నెలకు రూ. 27,000 మిగులుతాయి.

లీకేజీ పరీక్ష

రఘు గారు బోర్డు మీద బొమ్మ గీసి చూపించారు. రాత్రి 11:30కి ఓవర్‌హెడ్ ట్యాంకు నింపి, మోటారు ఆపి, లోపలి గోడ మీద సుద్దతో గీత పెట్టాలి. తెల్లవారుజామున 4:30కి మళ్లీ చూడాలి. మన ట్యాంకు 3 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు కాబట్టి మట్టం ఒక సెంటీమీటరు దిగితే 75 లీటర్లు పోయినట్టు. అందరూ పడుకున్న ఆ ఐదు గంటల్లో పది సెంటీమీటర్లు దిగిందంటే ఎక్కడో కారుతోందన్నమాటే. అప్పుడు కిందికి దిగే పైపుల వాల్వులు ఒక్కొక్కటీ కట్టేసి, ఏ లైన్లో పోతోందో పట్టుకోవాలి. సంపుకు కూడా ఇదే పద్ధతి: లోపలికొచ్చే నీళ్లు, మోటారు రెండూ ఆపి మట్టం చూడాలి.

ఆ రాత్రి మిషన్లో బట్టలు వేయవద్దు. పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇళ్లవాళ్లు అవసరానికి నిరభ్యంతరంగా వాడుకోండి, ఎంత వాడారో ఉజ్జాయింపుగా రఘు గారికి చెబితే చాలు.

ఇళ్లలో ఎక్కువగా కారేది ఫ్లష్ ట్యాంకే. చప్పుడు ఉండదు, కంటికి కనబడదు. రమాదేవి గారు ప్రతి ఇంటికీ ఫుడ్ కలర్ ఇస్తారు. దాన్ని ఫ్లష్ ట్యాంకులో నాలుగు చుక్కలు వేసి, అరగంట ఫ్లష్ చేయకుండా ఉంచండి. ఈలోగా కమోడ్‌లోకి రంగు దిగితే ట్యాంకు కారుతున్నట్టే. ఏ ఇంట్లో లీకు ఉందన్నది గ్రూపులో పెట్టవద్దని పద్మ గారు కోరారు, అలాగే చేద్దాం. జాబితా రమాదేవి గారి దగ్గరే ఉంటుంది, ప్లంబర్‌కు మాత్రం ఇస్తారు.

ఇంకుడు గుంత

బి బ్లాక్ వెనుక గుంత మట్టితో పూడిపోయింది. పోయిన వానాకాలం నీళ్లన్నీ రోడ్డు మీదికే పోయాయి. మన టెర్రస్ 600 చదరపు మీటర్లు. ఒక్క 10 మిల్లీమీటర్ల వాన పడితే 6,000 లీటర్లు, ఐదో వంతు వృథా పోయిందనుకున్నా 4,800 లీటర్లు మన నేలలోకే దింపుకోవచ్చు. రుతుపవనాలు జూన్‌లో వస్తాయి కాబట్టి మే 25 దాటకుండా పూడిక తీసి, కంకర కడిగి, పైన ఇసుక మార్చాలి. టెర్రస్ నుంచి దిగే పైపులు గుంత దాకా చేరాయో లేదో కూడా అప్పుడే చూడాలి. ఖర్చు కార్పస్ ఫండ్ నుంచి, రూ. 35,000 మించకుండా.

ఎవరి పని ఏది

| పని | బాధ్యత | గడువు |
|---|---|---|
| ట్యాంకర్ రిజిస్టరు: వచ్చిన సమయం, బండి నంబరు, సంతకం | సత్యనారాయణ గారు | 15 ఏప్రిల్, మంగళవారం నుంచి |
| ట్యాంకులు, సంపుల రాత్రి పరీక్ష | రఘు గారు, తోడుగా నవీన్ | 19 ఏప్రిల్, శనివారం రాత్రి |
| ఫ్లష్ ట్యాంకుల పరీక్ష, జాబితా | రమాదేవి గారు | 20 ఏప్రిల్, ఆదివారం |
| ప్లంబర్‌తో మరమ్మతులు | నవీన్ | 27 ఏప్రిల్, ఆదివారం |
| గుంత పనికి రెండు కొటేషన్లు | పద్మ గారు | 30 ఏప్రిల్, బుధవారం |
| గుంత పని పూర్తి | పద్మ గారు | 25 మే, ఆదివారం |
| టెర్రస్ పైపుల తనిఖీ | రఘు గారు | 25 మే, ఆదివారం |
| ఫ్లాటుకో మీటరు పెడితే అయ్యే ఖర్చు అంచనా | ప్రకాశరావు గారు | 11 మే, ఆదివారం |

రిజిస్టరు ఎదురుగా బోర్డు మీద "వాచ్‌మన్" అని ఉంది. ఆయన మీటింగ్‌లో లేరు, ఎవరూ ఆయన్ని అడగనూ లేదు. ట్యాంకర్లు అర్ధరాత్రి కూడా వస్తున్నాయి, అప్పటికే ఆయనకు నిద్ర ఉండడం లేదు. అందుకే సత్యనారాయణ గారి ఒప్పుదలతో ఈ పని ఆయన పేరున పెట్టాను. రాత్రి 10 తర్వాత ట్యాంకర్ పంపవద్దని సప్లయర్‌తో కూడా ఆయనే మాట్లాడతారు.

తేలని విషయాలు

ఫ్లాటుకో మీటరు: చుట్టూ గీత గీసి పక్కన ప్రశ్నార్థకం ఉంది. ఇద్దరే ఉన్న ఇళ్లవాళ్లు కావాలన్నారు, అద్దెకు ఉంటున్నవాళ్లు ఖర్చు ఎవరిదని అడిగారు. అంచనా వచ్చాకే చర్చ.

కొత్త బోరు: బోర్డు మీద రాసి కొట్టేశారు. మీటింగ్ అయ్యాక ముగ్గురు మళ్లీ అడిగారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి. ఉన్న బోరులోనే నీళ్లు దిగిపోతుంటే, పక్కన ఇంకోటి వేస్తే రెండూ ఎండుతాయన్నది మీటింగ్‌లో ఎక్కువమంది మాట. ప్రస్తుతానికి వద్దనే నిర్ణయించారు.

కార్లు పైపుతో కడగడంపై నిషేధం పెట్టాలన్న మాట వచ్చింది గానీ, తీర్మానం జరగలేదు.

తర్వాతి మీటింగ్: 11 మే, ఆదివారం, ఉదయం 10:30, ఇదే హాలు. మొదటి అంశం రాత్రి పరీక్ష ఫలితం.

పైవాటిలో మీరు చెప్పినదానికి తేడాగా ఏదైనా ఉంటే, ఒప్పుకున్న గడువు కుదరకపోతే, 16 ఏప్రిల్, బుధవారం రాత్రి 8 లోపు నాకు ఫోన్ చేయండి. సరిచేసిన ప్రతిని గురువారం నోటీసు బోర్డులో, రెండు లిఫ్టుల దగ్గరా అతికిస్తాను.

శ్రీదేవి, ఎ-203